ఆగడం నేర్చుకున్న మంజూష

మంజూష చెయ్యెత్తింది. మార్కరు బోర్డుకు జానెడు దూరంలో ఆగిపోయింది.

హాలు కిక్కిరిసి ఉంది. మైత్రీవనం వెనక సందులో మూడో అంతస్తు. ఆదివారం పొద్దుటి డెమో క్లాసు. కుర్చీలు నిండిపోయాయి, గోడల వెంబడి నిలబడేవాళ్లు నిలబడ్డారు, చోటు దొరకనివాళ్లు గుమ్మంలోంచి మెడలు సాచి చూస్తున్నారు. సరిగ్గా అప్పుడు, మెడ నుంచి కుడి భుజం మీదుగా మోచేతి దాకా ఎవరో కాల్చిన కడ్డీ పెట్టి లాగినట్టు నొప్పి దిగింది.

"ఇక్కడ ఒక్క నిమిషం ఆలోచించండి," అంది పిల్లల వైపు తిరిగి. ఆలోచించాల్సిందేమీ లేదక్కడ. అయినా అందరూ బుద్ధిగా ఆలోచనలో పడ్డారు. ఆ వ్యవధిలో ఎడమచేత్తో కుడి మోచేతిని కిందనుంచి ఆనించుకుని మిగతా రెండు లైన్లూ రాసేసింది. అక్షరాలు కొండ దిగుతున్నట్టు వాలిపోయాయి. వెనక వరసలో నిలబడ్డ చలపతిరావు ఆ అక్షరాల వంకే చూస్తున్నాడు. ఇన్‌స్టిట్యూటు ఆయనదే.

క్లాసు అయిపోయాక ఆయన దగ్గరికి వచ్చాడు. "ఏంటమ్మా, ఒంట్లో బాలేదా?"

"బాగానే ఉందండీ. రాత్రి సరిగ్గా నిద్ర లేదు, అంతే."

"వేసవి బ్యాచులు మూడూ మీ పేరు మీదే వేశాను. గోడల మీద పోస్టర్లు కూడా అంటించేశాం."

"తీసుకుంటానండీ," అంది మంజూష. ఆ మాట అనేటప్పుడు ఆమె చెయ్యి వెనక బల్ల అంచును గట్టిగా పట్టుకుని ఉంది.

ఆ రోజుల్లో అమీర్‌పేటలో ఒరాకిల్ డేటాబేసు నేర్చుకోవాలంటే పిల్లలు చెప్పుకునే నాలుగైదు పేర్లలో మంజూషది ఒకటి. అందులో ఆడమనిషి పేరు అదొక్కటే. తణుకు నుంచి పెళ్లి చేసుకుని వచ్చిన బీయస్సీ అమ్మాయి, ఇదే సందులో బెంచీ మీద కూర్చుని పాఠం నేర్చుకుని, ఆ బెంచీలకు ఎదురుగా నిలబడే దాకా వచ్చింది. రెండు టేబుళ్లను జోడించడం ఎలాగో చెప్పాలంటే ఆమె పెళ్లిపందిట్లోకి తీసుకెళ్లేది. "మీ పిన్నిగారి తోటికోడలు మా మేనత్తకు ఏమవుతుంది? వరస కలపాలంటే మధ్యలో ఒక మనిషి కావాలి కదా? ఆ మనిషే ఇక్కడ ఈ కాలమ్," అనేది. శ్రీకాకుళం పిల్లాడికీ ఆదిలాబాదు పిల్లకీ ఒకేసారి అర్థమైపోయేది. ఉద్యోగం వచ్చిన పిల్లలు మిఠాయి డబ్బాలు పట్టుకుని ఎల్లారెడ్డిగూడలో ఆమె ఇంటికి వెతుక్కుంటూ వచ్చేవాళ్లు.

అంతకు ముందటేడు వానాకాలంలో పంజాగుట్ట చౌరస్తా దగ్గర ఆమె స్కూటీ జారింది. ఎముకలేవీ విరగలేదు. మెడను మాత్రం ఎవరో ఒక్క విదిలింపు విదిలించినట్టయింది. కొన్ని వారాలు మెడపట్టీ వేసుకుంది. వాపు తగ్గింది, కమిలిన చోట చర్మం మామూలు రంగుకు వచ్చింది. నొప్పి మాత్రం ఇల్లు ఖాళీ చెయ్యని అద్దెదారులా ఉండిపోయింది. తీయించిన ఎక్స్‌రే ఫోటోల్లో అందరికీ ఉండే అరుగుదలే తప్ప ఏమీ కనిపించలేదు. "మీకేం లేదమ్మా," అన్నాడు ఒక డాక్టరు. బయటికొచ్చి ఆటో ఎక్కాక మంజూషకు ఏడుపు ఆగలేదు. ఏమీ లేకపోతే ఈ బాధ ఎక్కడిది? తను కల్పించుకుంటోందా?

దాంతో ఎవరికీ చెప్పడం మానేసింది. నొప్పి తక్కువున్న రోజున ఆమెను పట్టేవాళ్లు లేరు. పొద్దున్నే రెండు బ్యాచులు, మధ్యాహ్నం వంటింటి అటకలు దులపడం, బీరువా సర్దడం, సాయంత్రం పేరుకుపోయిన పేపర్లన్నీ దిద్దడం. ఈ రోజు బాగుంది కదా, మళ్లీ ఎప్పుడు బాగుంటుందో! తెల్లారేసరికి మంచం మీంచి తల తిప్పడానికి లేదు. అలా మూడు రోజులో నాలుగు రోజులో. కర్టెన్లు వేసుకుని, గోడ వైపు తిరిగి, ఫోను మోగినా తియ్యకుండా పడుకునేది. పడుకునే కొద్దీ మెడ కర్రలా బిగుసుకునేది. బిగుసుకునే కొద్దీ నిద్ర పట్టేది కాదు. నిద్రలేని మర్నాడు చీమ కుట్టినా ఏడుపొచ్చేది. ఏడ్చిన రోజు నొప్పి రెట్టింపయ్యేది. లేచి తిరగగలిగిన రోజున, పోయిన రోజులన్నిటికీ పరిహారంగా మళ్లీ నడుం విరిగేలా పని. ఇది గానుగెద్దు తిరుగుడని ఆమెకు అప్పట్లో తెలియదు. తను బద్ధకస్తురాలైపోతోందని మాత్రం నమ్మింది.

వేసవి బ్యాచులు మొదలైన రెండో వారంలో మంజూష మంచం పట్టింది. మొదటి రోజు "జ్వరం" అని ఫోన్ చేయించింది. రెండో రోజు కేదార్ చేత "ఊరెళ్లింది" అని చెప్పించింది. కేదార్ ఆమె భర్త. బేగంపేటలో ఒక ట్రావెల్స్ ఆఫీసులో పని చేస్తాడు, అబద్ధం ఆడితే చెవులు ఎర్రబడే మనిషి. మూడో రోజు అతను ఫోను ఆమె పక్కన పెట్టి, "నేనింక చెప్పలేను మంజూ," అని ఆఫీసుకు వెళ్లిపోయాడు. ఆ సాయంత్రమే తెలిసింది, ఆమె బ్యాచులు మూడూ ప్రమోద్‌కు ఇచ్చేశారని. ప్రమోద్ ఆమె దగ్గరే పాఠం నేర్చుకున్న కుర్రవాడు. ఫోన్ చేసి, "మేడమ్, మీరు రాగానే తిరిగి ఇచ్చేస్తాను," అన్నాడు. అతను మంచిగా మాట్లాడినందుకు ఆమెకు ఇంకా కోపం వచ్చింది.

తర్వాతి రోజుల్లో ఆమె స్నానం కూడా మధ్యాహ్నం దాకా వాయిదా వేసేది. తినాలనిపించేది కాదు. కేదార్ టిఫిను చేసి పెట్టి వెళ్తే, సాయంత్రం వచ్చేసరికి ఆ ప్లేటు అలాగే ఉండేది. అతను ఏమీ అనకుండా ప్లేటు కడిగేవాడు. ఆ ఏమీ అనకపోవడం ఆమెకు తిట్టులా వినిపించేది.

ఒకరోజు కూతురు సంహిత బడి నుంచి వచ్చింది. నాలుగో తరగతి పిల్ల. గదిలోకి రాలేదు. హాల్లో తండ్రితో గుసగుసగా మాట్లాడుతోంది. మంజూషకు ప్రతి మాటా వినిపిస్తూనే ఉంది.

"నాన్నా, స్కూల్లో డ్యాన్సుకి లంగా కుట్టించాలట. అమ్మనడగనా?"

"అడుగు తల్లీ."

"వద్దులే. అమ్మకి నొప్పి లేని రోజు ఎప్పుడో నువ్వే చెప్పు. అప్పుడడుగుతా."

మంజూష గోడ వైపే చూస్తూ పడుకుంది. పిల్ల గొంతులో నిష్ఠూరం లేదు. వాన పడుతుందేమో గొడుగు తీసుకెళ్దాం అన్నట్టుంది, అంతే.

మర్నాడు మధ్యాహ్నం ఇంట్లో ఎవరూ లేరు. సందులో కూరగాయల బండి అరుపు దూరమైపోయింది. అప్పుడొచ్చింది ఆ ఆలోచన. నేను లేకపోతేనే వీళ్లకు హాయి. అంతకు ముందు కూడా విసుగులో "చచ్చిపోతే బాగుండు" అనుకున్న సందర్భాలున్నాయి. ఇది అలా రాలేదు. లెక్క సరిచూసుకున్న మనిషిలా నెమ్మదిగా, నింపాదిగా వచ్చి మంచం పక్కన కూర్చుంది. ఆ నింపాదితనమే ఆమెను హడలగొట్టింది.  నొప్పిని కూడా మరిచిపోయి లేచి, హాల్లోకి వచ్చి, కేదార్ ఆఫీసుకు ఫోన్ చేసింది.

"ఏవండీ, ఇంటికి రండి."

"ఏమైంది?"

"ఏం కాలేదు. నాకు పిచ్చి ఆలోచన వస్తోంది. ఒక్కదాన్నే ఉండలేను. రండి."

అతను ఇంకో ప్రశ్న వెయ్యలేదు. "ఒంటరిగా ఉండకు. పక్కింటి స్వరాజ్యం గారిని పిలిచి కూర్చోబెట్టుకో. నేను వచ్చేస్తున్నా." బేగంపేట నుంచి ఆ ట్రాఫిక్కులో ఎలా వచ్చాడో గానీ, స్వరాజ్యం గారు కాచిన టీ చల్లారకముందే గుమ్మంలో నిలబడ్డాడు. చొక్కా తడిసి వీపుకు అతుక్కుపోయింది. మంజూష చెప్పిందంతా విన్నాడు. మధ్యలో ధైర్యం చెప్పలేదు, మందలించలేదు. చివరికి, "నాకు చెప్పావు. అదే చాలు. పద," అన్నాడు.

పంజాగుట్టలో ఒక ఆసుపత్రిలో నొప్పుల విభాగం ఉందని కేదార్ ఆఫీసులో ఎవరో అంతకు ముందే చెప్పారు. అక్కడి డాక్టరు రాఘవయ్య నెరిసిన జుట్టు మనిషి, తొందరపడకుండా మాట్లాడతాడు. ముందు ఫోటోల కవరు పక్కన పెట్టేశాడు. నిద్ర, తిండి, ఇంట్లో పనులు అన్నీ అడిగాడు. తర్వాత ఆమె కళ్లలోకి చూస్తూ, "చచ్చిపోవాలన్న ఆలోచన వస్తోందా అమ్మా?" అని సూటిగా అడిగేశాడు.

మంజూష ఉలిక్కిపడింది. అంత మాట అంత మామూలుగా అడుగుతారని ఆమె అనుకోలేదు. అవునని తలూపింది. ఎప్పటి నుంచి, ఎలా చేసుకోవాలని ఏమైనా అనుకుందా, ఇంట్లో తోడెవరుంటారు, అని ఒక్కొక్కటీ అడిగాడు. అదే రోజు అదే వరండాలో గది ఉన్న మానసిక వైద్యురాలు అరుణాదేవి గారికి చూపించాడు. కొన్నాళ్ల పాటు ఒంటరిగా వదలొద్దనీ, మందులు తన దగ్గరే ఉంచుకొమ్మనీ కేదార్‌కు చెప్పారు. మళ్లీ ఆలోచన ముదిరితే, ఏ వేళైనా సరే, వెంటనే రమ్మన్నారు.

మళ్లీ రాఘవయ్య దగ్గరికి వచ్చినప్పుడు మంజూష అడిగింది. "అంటే నాది మనసు జబ్బేనా డాక్టరు గారూ? నొప్పి నిజం కాదా?"

"నొప్పి నూటికి నూరుపాళ్లు నిజం," అన్నాడాయన. "మీ అపార్టుమెంట్లో కార్లున్నాయా? కొన్నిటికి పిల్లి దూకినా అలారం మోగుతుంది చూశారా? దొంగ లేడు. కానీ మోత అబద్ధమా? కాదు కదా. మీ మెడకు తగిలిన దెబ్బ మానిపోయింది. అలారం మాత్రం సున్నితమైపోయింది. దిగులు, నిద్రలేమి, భయం, ఇవన్నీ దాన్ని ఇంకా సున్నితం చేస్తాయి. అది మోగే కొద్దీ మీకు దిగులు. ఒకదానికొకటి మేత వేసుకుంటున్నాయి. ఏది ముందు అని తేల్చుకునే పని లేదు. రెండిటికీ ఒకేసారి వైద్యం చెయ్యాలి."

రోజూ మింగుతున్న నొప్పి బిళ్లలు కడుపునూ కిడ్నీలనూ తినేస్తాయని వాటిని తగ్గించాడు. నిద్రకూ నరాల నొప్పికీ పనికొచ్చే చిన్న మోతాదు మాత్ర ఒకటి రాశాడు. అరుణాదేవి గారి మాటల వైద్యం వారానికొకసారి. మిగతాది ఫిజియోథెరపీ గదిలో మధులత చూసుకుంటుందన్నాడు.

మధులత సిద్దిపేట వైపు మనిషి. ముప్పై దాటిన వయసు. తెల్ల కోటు చేతులు మోచేతుల దాకా మడిచి, మాట చప్పున అనేస్తుంది. మంజూష మొదటి ప్రశ్నే అడిగింది. "పూర్తిగా పోతుందా?"

"పోతదని నేను మాటియ్యలేను మేడం. తగ్గొచ్చు. తగ్గకున్నా మీ బతుకు మీ చేతికొస్తది. గదైతే చూసిన, మస్తు మందిల చూసిన."

మంజూషకు ఒళ్లు మండింది. పోతుందని చెప్పలేనిదానికి ఈ తిరుగుళ్లు ఎందుకు? ఆ రోజు చెప్పిన మెడ కదలికలు ఇంటికెళ్లి చెయ్యలేదు. రెండోసారి వెళ్లినప్పుడు మధులత ఆ సంగతే అడగలేదు. "నొప్పి తక్కువున్న దినం ఏం జేస్తరు, జర చెప్పుండ్రి," అంది. మంజూష గొప్పగానే చెప్పుకొచ్చింది, బ్యాచులు, అటకలు, బీరువా.

"మర్నాడు?"

"మంచం మీదే. బద్ధకమేమో," అంది మంజూష.

"మీరు బద్ధకం మనిషి కాదు మేడం. అసలు ఆగుడే తెల్వని మనిషి. నొప్పి వచ్చి ఆపితే తప్ప ఆగరు. గప్పుడు నొప్పే మీకు మేనేజరైతది, ఎప్పుడు లేవాలె ఎప్పుడు పండాలె అదే చెప్తది. గా కుర్చీ దాన్నుంచి గుంజుకోవాలె."

ఎలాగో కూడా చెప్పింది. చెత్త రోజున కూడా చెయ్యగలిగినంత పనే మొదటి మెట్టు. మంచి రోజున కూడా అంతే, దాన్ని మించకూడదు. ఒళ్లు చెప్పేదాకా ఆగడం కాదు, గడియారం చెప్పగానే ఆగాలి. బోర్డు మీద రాస్తే కాసేపు కూర్చోవాలి, కూర్చుంటే కాసేపు నడవాలి. వారం వారం ఆ మెట్టు కాస్త కాస్త పెంచాలి. చెడ్డ రోజున మంచానికి అతుక్కుపోకుండా, తగ్గించి అయినా కదులుతూ ఉండాలి. "నొస్తే మెడ ఖరాబైతున్నట్టు కాదు. అలారం మోగినట్టే. ఫికర్ చెయ్యకుర్రి."

ఇంత తేలిక సంగతా అనిపించింది మంజూషకు. తేలికేమీ కాదని వారంలోనే తెలిసొచ్చింది. వంటింట్లో గడియారం మోగే వేళకు సగం కూర తరిగి ఉండేది. సగం కూర వదిలి కుర్చీలో కూర్చోవడం కంటే రాత్రంతా నిలబడి పాఠం చెప్పడం నయమనిపించేది. కూర్చుంటే చేతులు కొట్టుకునేవి. పుట్టింట్లో వాళ్లమ్మ పని సగంలో ఆపి కూర్చోగా ఆమె ఏనాడూ చూడలేదు. రెండో వారంలో ఒక పొద్దున నొప్పి పెద్దగా తెలియలేదు. ఆకాశం తేటగా ఉంది. ఇంకేముంది, సంహిత లంగా గుడ్డ కోసం పంజాగుట్ట షాపులన్నీ తిరిగింది. ఇంటికొచ్చి దుప్పట్లన్నీ ఉతికి ఆరేసింది. కేదార్ వచ్చి తీగ మీద దుప్పట్లు చూసి గుమ్మంలోనే ఆగిపోయాడు.

"గడియారం మోగలేదా?"

"నాకు బాగున్న రోజున కూడా మీరు కాపలా కాస్తారా?" అని మంజూష అరిచింది. సంహిత పుస్తకం మూసి గదిలోకి వెళ్లిపోయింది.

మూడు రోజులు మళ్లీ మంచమే. మంచం మీద ఆ పాత ఆలోచన నీడ మళ్లీ గుమ్మం దగ్గర తచ్చాడింది. ఈసారి మంజూష దాన్ని ఒంటరిగా చూడలేదు. "వచ్చిందండీ," అని కేదార్‌కు చెప్పింది. పొద్దున్నే ఇద్దరూ అరుణాదేవి గారి దగ్గరికి వెళ్లారు. ఆవిడ మందు మోతాదు మార్చి, చాలాసేపు మాట్లాడి పంపింది. అక్కడి నుంచి తలొంచుకుని మధులత గదికి వెళ్లింది, తిట్లు తినడానికి సిద్ధపడి.

మధులత తిట్టలేదు. "బోర్లపడ్డరు, లేచొచ్చిండ్రు. గంతే కదా. పోయినసారి పడితే లేవనికి ఎన్ని దినాలు పట్టింది?"

"వారం పైనే."

"గిప్పుడు?"

"మూడు రోజులు," అంది మంజూష తలెత్తి.

"మీ బిడ్డ పడ్డదనుకోండ్రి, గిట్లనే తిడ్తరా? మీకు మీరు సుత గంత కనికరం చూపించుకోవాలె," అంది మధులత. ఆ రోజు మెడ కదలికల కంటే ముందు ఊపిరి నేర్పింది. పొట్ట మీద చెయ్యి పెట్టి, లోపలికి పీల్చిన దానికంటే బయటికి వదిలేది పొడుగ్గా. నొప్పిని తరమడానికి కాదట. భుజాలు చెవుల దాకా బిగబట్టుకుని నొప్పితో కుస్తీ పట్టే అలవాటును వదిలించడానికట. అరుణాదేవి గారు ఇంకోటి చెప్పారు, రోజుకొకసారైనా, పనికి రానిదైనా సరే, ఇష్టమైనది ఒకటి చెయ్యమని. అలా చాలా కాలానికి మంజూష సాయంత్రాలు సంహిత జడ అల్లడం మొదలుపెట్టింది. ఒక జడ అల్లి చెయ్యి దించి, ఊపిరి తీసుకుని, రెండో జడ. మొదట్లో పిల్ల కదలకుండా బిగుసుకుని కూర్చునేది, అమ్మ చెయ్యి ఎక్కడ నొప్పి పెడుతుందో అని. కొన్నాళ్లకు తల అటూ ఇటూ తిప్పుతూ బడి కబుర్లు చెప్పసాగింది.

వానలు తగ్గుముఖం పట్టాక చలపతిరావు ఫోన్ చేశాడు. బేగంపేటలో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీ కొత్తగా తీసుకున్నవాళ్లకు ఒరాకిల్ నేర్పించాలట. మొదటి క్లాసు చూడడానికి కంపెనీ వాళ్లే వచ్చి కూర్చుంటారు. "మీ పేరు చెప్పి తెచ్చుకున్న బ్యాచమ్మా ఇది. ఆ ఒక్క రోజు అదరగొట్టేయండి చాలు."

మంజూష మధులతతో కలిసి క్లాసును ముక్కలుగా విడగొట్టింది. ఎంతసేపు బోర్డు, ఎప్పుడు కూర్చోవడం, ఎప్పుడు పిల్లల చేత రాయించడం. వంటింటి గడియారాన్ని బ్యాగులో వేసుకుంది.

ఆ రోజు హాల్లో కొత్త కుర్రాళ్లు, ముందు వరసలో టై కట్టుకున్న ఇద్దరు, గుమ్మం దగ్గర చేతులు కట్టుకుని చలపతిరావు. మంజూష పెళ్లిపందిరి వేసింది. పిన్ని తోటికోడలు వచ్చింది, మేనత్త వచ్చింది. హాలంతా నవ్వింది. చాలా నెలల తర్వాత ఆమె గొంతు ఆమెకే ఇష్టంగా వినిపించింది. చెయ్యి తేలిగ్గా ఆడుతోంది. నొప్పి ఉందో లేదో కూడా గుర్తు లేదు. అసలు సంగతి మొదలవబోతోంది. వరస కలిసే చోటు.

గడియారం మోగింది.

ఒక్క క్షణం ఎవరికీ ఆ చప్పుడేమిటో అర్థం కాలేదు. టై కట్టుకున్న వాళ్లలో ఒకాయన చేతి వాచీ చూసుకున్నాడు. చలపతిరావు కట్టుకున్న చేతులు విప్పాడు. మంజూష మార్కరు బోర్డు మీదే ఉంది. ఇంకొక్క లైను. ఒక్క లైనుకేమవుతుంది? నొప్పి ఉంటే ఆగడం ఎవరైనా ఆగుతారు. ఇంత హాయిగా ఉన్నప్పుడు, ఇంతమంది కళ్లు తన మీదున్నప్పుడు ఆగాలి. అటక దులిపిన రోజులన్నీ ఇలాగే ఒక్క లైనుతోనే మొదలయ్యాయి.  

మార్కరు మూత పెట్టేసింది. కుర్చీ లాక్కుని కూర్చుంది. ఊపిరి నెమ్మదిగా వదిలింది.

"నా మెడకు దెబ్బ తగిలింది. ఎక్కువసేపు చెయ్యెత్తి రాయలేను," అంది మామూలు గొంతుతో. ఆ మాట హాల్లో అనడం అదే మొదటిసారి. "అందుకని ఈ వరస మీరు కలపండి. మూడో బెంచీలో నీలం చొక్కా, రండి."

 నీలం చొక్కా కుర్రాడు తడబడుతూ బోర్డు దగ్గరికి వచ్చాడు. తప్పు రాశాడు. వెనక నుంచి ఒకమ్మాయి "కాదు కాదు" అంటూ లేచి వచ్చింది. ఇద్దరూ వాదించుకున్నారు. మంజూష కుర్చీలోంచే రెండు ప్రశ్నలు అడిగింది. మూడో ప్రశ్నకు వాళ్లే సరి చేసుకున్నారు. ఆమె లేచి, గది చివర దాకా నడిచి, వెనక్కి వచ్చింది. క్లాసు అయ్యేదాకా టై కట్టుకున్న ఇద్దరి ముఖాల్లోనూ ఏమీ కనిపించలేదు. 

వాళ్లు వెళ్లిపోయాక చలపతిరావు తలుపు మూశాడు. "ఏంటమ్మా ఇది? అలారమేంటి, కుర్చీ ఏంటి? జబ్బని అందరి ముందూ చెప్పాలా? ఇక్కడ పేరు పోతే పొద్దుటికల్లా పక్క సందులోకి వెళ్లిపోతారు పిల్లలు."

పాత మంజూష అయితే క్షమించండి అనేది. లేదా కళ్లనీళ్లు పెట్టుకునేది. ఈసారి నేరుగా అడిగింది. "చలపతిరావు గారూ, దాచినన్నాళ్లూ మీకు ఏమొచ్చింది? మూడు బ్యాచులు ఒప్పుకుని మధ్యలో పడిపోయాను. ఇప్పుడు ఒక్కటి ఒప్పుకుంటాను. కడదాకా చెప్తాను. ఇలాగే, కూర్చుని, ఆగి, చెప్తాను. కాదంటే ప్రమోద్‌కివ్వండి. బాధపడతాను గానీ, మీ మీద కోపం పెట్టుకోను."

చలపతిరావు చివరికి సగం మెత్తబడ్డాడు. పూర్తిగా కాదు. బ్యాచును రెండుగా చేశాడు. పాఠం సగం మంజూషది, ప్రాక్టికల్సు ప్రమోద్‌వి. పోస్టర్ మీద ప్రమోద్ పేరు పైన, ఆమె పేరు కింద. కంపెనీ వాళ్లు అభ్యంతరం చెప్పలేదు, మెచ్చుకోనూ లేదు. ఆ పోస్టర్ చూడగానే మంజూష ముఖం తిప్పుకుంది. అది మనసు చివుక్కుమనే సంగతే. అరుణాదేవి గారి దగ్గర ఆ వారం దాని గురించే మాట్లాడింది, కాస్త ఏడ్చింది కూడా. కానీ ఆ ఏడుపు మర్నాటికి మంచం దాకా రాలేదు.

ఆ బ్యాచు కడదాకా సాగింది.

నొప్పి పోలేదు. ముసురు పట్టిన రోజుల్లో ఎక్కువవుతుంది. ఇంట్లో ఏదైనా చిక్కు వచ్చినా, నిద్ర చెడినా అంతే. అలాంటి రోజుకు ఏం చెయ్యాలో ఇప్పుడు ఇంట్లో ముగ్గురికీ తెలుసు. కర్టెన్లు వెయ్యరు. వేడినీళ్ల సంచి, ఊపిరి, మెల్లగా మెడ కదలికలు, సగం పని. మంజూష "ఈ రోజు బాలేదు" అని పొద్దున్నే చెప్పేస్తుంది. కేదార్ కాపలా కాయడు. అడిగితే చేస్తాడు, అడగకపోతే తన పేపరు తను చదువుకుంటాడు. అదీ అతను కష్టపడి నేర్చుకున్నదే. అరుణాదేవి గారు ఇద్దరినీ కూర్చోబెట్టి చెప్పాకే వచ్చింది.

మరుసటేడు శీతాకాలంలో ఒక ఆదివారం ముగ్గురూ ఎగ్జిబిషన్‌కు వెళ్లారు. జనం తోపులాట. గాజుల దుకాణాలు దాటేసరికి మంజూష భుజం బరువెక్కింది. ఇంకా సగం దుకాణాలు, రంగులరాట్నం మిగిలే ఉన్నాయి. సంహిత రాట్నం వైపు చూస్తోంది.

"మీరిద్దరూ ఎక్కి రండి. నేనిక్కడ కూర్చుంటాను," అంది మంజూష. సిమెంటు దిమ్మ మీద కూర్చుని చున్నీ సర్దుకుంది.

సంహిత రెండడుగులు వేసి వెనక్కి తిరిగింది. "అమ్మా, ఒక్కదానివే ఉంటావా? బోరు కొట్టదా?"

"కొడితే మిర్చి బజ్జీ కొనుక్కుని తింటాను. మీకు మిగల్చను."

"నాన్నా, తొందరగా వచ్చేద్దాం!" అని సంహిత తండ్రి చెయ్యి పట్టుకుని పరుగెత్తింది. మంజూష భుజాలు వదులు చేసి, నెమ్మదిగా ఊపిరి వదిలి, బజ్జీల బండి వాడిని కేకేసింది.